లైట్లు వెలుగుతున్నాయి, నెట్ మాత్రం లేదు: కొత్త హెల్ప్‌డెస్క్ బ్యాచ్‌కి పోర్ట్ లైట్ల సెషన్ ఎలా చేశామంటే

కొత్తగా చేరిన హెల్ప్‌డెస్క్ పిల్లలకి స్విచ్ గురించి చెప్పమంటే ఎవరైనా ఓఎస్ఐ లేయర్ల స్లైడ్‌తోనే మొదలుపెడతారు, అరగంటయ్యేసరికి సగం మంది బల్ల కింద ఫోన్ చూసుకుంటూ ఉంటారు. ఈ బ్యాచ్‌కి నేను స్లైడ్లు పక్కన పడేసి, ఎప్పుడో క్లోజ్ అయిపోయిన టికెట్ ఒకటి తీసి సెషన్ మొత్తం దాని మీదే నడిపాను. మాది వైజాగ్‌లో చిన్న సపోర్ట్ టీమ్, ద్వారకానగర్‌లో కూర్చుని గాజువాక, ఆటోనగర్, మధురవాడ, రుషికొండ వైపు ఆఫీసుల నెట్‌వర్క్‌లు చూసుకుంటాం, ప్రతి దానికీ మనిషిని పంపలేం కాబట్టి ఫోన్లో అవతలివాళ్ళు చూసి చెప్పే లైట్లే మాకు సగం పని చేసిపెట్టాలి.

టికెట్ ఇది. గాజువాక వైపు ఒక లాజిస్టిక్స్ ఆఫీసులో శనివారం సాయంత్రం అకౌంట్స్ సెక్షన్ బల్లలు అటూ ఇటూ జరిపారు. సోమవారం పొద్దున్న వచ్చి చూస్తే నాలుగు కంప్యూటర్లకి నెట్ లేదు. అప్పుడు డ్యూటీలో ఉన్న కుర్రాడు ఫోన్లో అడిగింది ఒక్కటే, "లైట్లు వెలుగుతున్నాయా అండీ?" అవతల మేడమ్ గారు "ఆఁ, బాగా వెలుగుతున్నాయి బాబూ, టపటపా కొట్టుకుంటున్నాయి కూడా" అన్నారు. దాంతో టికెట్లో "లైట్స్ ఓకే, పీసీ సైడ్ చెక్" అని పడింది, ఇక అక్కడినుంచి ఐపీ రెన్యూ, డ్రైవర్ మళ్ళీ వేయడం, యాంటీవైరస్ ఆపి చూడడం, అన్నీ అయ్యాయి. మధ్యాహ్నానికి విసుగెత్తి సైటులో ఎవరో ర్యాక్‌లో స్విచ్ పవరే తీసి పెట్టారు, దాంతో అప్పటిదాకా బాగున్న మిగతా ఫ్లోర్ అంతా కూడా కాసేపు ఆగిపోయింది, స్విచ్ పైకి లేచాక ఈ నాలుగు కంప్యూటర్లు మాత్రం మళ్ళీ మొదటికే వచ్చాయి.

ఈ కథ చెప్పి, కారణం చెప్పకుండా, బోర్డు మీద ఒక గీత గీశాను. ఒక చివర కంప్యూటర్, దాని వైరు బల్ల కింద ఉన్న ఎనిమిది పోర్టుల చిన్న స్విచ్ డబ్బాలోకి, ఆ డబ్బా నుంచి గోడ సాకెట్‌కి, అక్కడినుంచి ర్యాక్‌లో ప్యాచ్ ప్యానెల్‌కి, ప్యానెల్ నుంచి సిస్కో 2960ఎక్స్ స్విచ్‌లో 14వ పోర్టుకి. ఇప్పుడు చెప్పండి, మేడమ్ గారు చూసిన లైటు ఇందులో ఏది అని అడిగాను. ఎవరి సమాధానం వాళ్ళది. కంప్యూటర్ వెనక సాకెట్ లైటు అని ఒకరు, బల్ల కింద డబ్బా లైటు అని ఇంకొకరు, ర్యాక్‌లో స్విచ్ లైటు అని ఒకమ్మాయి. ర్యాక్ గదికి తాళం ఉంటుంది కదా, మేడమ్ గారు అక్కడికి ఎలా వెళ్తారు అనేసరికి ఆ అమ్మాయే నవ్వేసి మార్చుకుంది. ఆ రోజు మేము ఫోన్లో మాట్లాడింది బల్ల కింద డబ్బా గురించి, టికెట్లో రాసుకుంది స్విచ్ గురించి అన్నట్టు.

సెషన్ మొత్తంలో నేను పట్టుకుని వదలని సంగతి ఇదొక్కటే: లైటు చెప్పేది ఆ వైరు రెండో కొసలో ఉన్న డబ్బా వరకే, ఆ తర్వాత ఏముందో దానికి తెలీదు. కంప్యూటర్ వెనక గ్రీన్ వస్తే బల్ల కింద డబ్బాతో దానికి లింక్ ఉన్నట్టు, అంతే. ఆ డబ్బాకి మెయిన్ స్విచ్‌తో సంబంధం తెగిపోయినా ఈ గ్రీన్ అలాగే వెలుగుతుంది.

దీన్ని చేతితో చూపించడానికి బెంచ్ మీద పక్కన పెట్టేసిన 24 పోర్టుల 2960ఎక్స్ ఒకటి, ఒక ఐపీ ఫోన్, ఒక చిన్న డబ్బా, కొన్ని చెడిపోయిన వైర్లు సిద్ధం చేసుకున్నాం. మొదట ఐపీ ఫోన్. మా క్లయింట్ల దగ్గర చాలా చోట్ల గోడ వైరు ఫోన్‌లోకి, ఫోన్ వెనక రెండో పోర్టు నుంచి కంప్యూటర్‌కి వెళ్తుంది, ఫోన్ లోపలే చిన్న స్విచ్ ఉంటుంది. కంప్యూటర్ వైరు పీకేసి స్విచ్ వైపు చూడమన్నాను, గ్రీన్ అలాగే ఉంది. "పీకేశాక కూడా గ్రీనేంటన్నా" అన్నాడు ఒకడు. ఆ లైటు ఫోన్‌ది, కంప్యూటర్‌ది కాదు. కాబట్టి అలాంటి బల్లల దగ్గర స్విచ్ పోర్టు గ్రీన్‌గా ఉంది కాబట్టి పీసీ వైరు బాగానే ఉంది అని రాయడానికి లేదు, ఫోన్‌కీ పీసీకీ మధ్య ఉన్న చిన్న వైరు విడిగా చూడాలి, చాలాసార్లు కుర్చీ చక్రం కింద నలిగేది కూడా అదే.

తర్వాత రంగులు. 2960 లాంటి స్విచ్‌లో ఎడమ చివర మోడ్ అని ఒక బటన్ ఉంటుంది, దాన్ని నొక్కినప్పుడల్లా పోర్టు లైట్ల అర్థమే మారిపోతుంది. చాలామంది రంగులు బట్టీ పడతారు గానీ ఇప్పుడు ఏ మోడ్‌లో ఉందో చూడరు, మోడ్ తెలీకుండా రంగు చెబితే ఆ మాటకి విలువ లేదు. మామూలుగా ఉండేది STAT మోడ్. ఇందులో లైటు ఆరిపోయి ఉంటే లింక్ లేదు, లేదా ఎవరో కావాలని పోర్టు ఆపేశారు. కదలని గ్రీన్ అంటే లింక్ ఉంది గానీ ఆ క్షణానికి ట్రాఫిక్ లేదు. మినుకుమినుకుమంటే ట్రాఫిక్ నడుస్తోంది. గ్రీన్, ఆరెంజ్ మార్చి మార్చి వస్తుంటే లింక్ మీద ఎర్రర్లు పడుతున్నాయి, ముందు వైరుని అనుమానించాలి. కదలని ఆరెంజ్ అంటే వైరు సంగతి ఎలా ఉన్నా స్విచ్ ఆ పోర్టులో ట్రాఫిక్ వదలడం లేదు. ఈ ఆరెంజ్‌లో కూడా రెండు రకాలు, వైరు పెట్టిన వెంటనే స్పానింగ్ ట్రీ, అంటే వైర్లు చుట్టు తిరిగి అదే చోటికి వచ్చే లూప్‌ని పట్టుకునే ఏర్పాటు, లూప్ ఉందేమో చూసుకునేటప్పుడు అర నిమిషం దాకా ఆరెంజ్ ఉండి గ్రీన్‌లోకి మారొచ్చు, అది మామూలే, అందుకే పెట్టగానే ఫోన్లో "ఆరెంజ్ వచ్చింది" అంటే కంగారు పడకుండా ఒక నిమిషం ఆగి మళ్ళీ అడగాలి. నిమిషం దాటాక కూడా ఆరెంజ్ కదలకపోతే అప్పుడు అది కేసు.

మోడ్ బటన్ గురించి మాత్రం కాస్త గట్టిగానే చెప్పాను. తట్టి వదలాలి, పట్టుకుని ఉండకూడదు. రెండు మూడు సెకన్లు పట్టుకుంటే మోడ్ లైట్లు బ్లింక్ అవడం మొదలవుతుంది, అప్పుడు కూడా వదలకుండా పది సెకన్ల దాకా అలాగే నొక్కి ఉంచితే సెట్టింగ్ చెరిపేసుకుని స్విచ్ రీబూట్ అయిపోతుంది. ఆ సౌకర్యాన్ని ఆపే కమాండ్ ఉంది గానీ ప్రతి సైటులో వేసి ఉందని నమ్మకం పెట్టుకోలేం. అందుకని ఫోన్లో సెక్యూరిటీ బాబాయ్ చేతో ఆఫీస్ బాయ్ చేతో మోడ్ బటన్ నొక్కించవద్దు అని రూల్ పెట్టేశాం, మనవాళ్ళు సైటులో ఉంటేనే నొక్కాలి, చూసిన తర్వాత తిరిగి STATకి తెచ్చి వదలాలి.

ఇక టికెట్‌లోకి వద్దాం. బెంచ్ మీద 14వ పోర్టుకి చిన్న డబ్బా తగిలించి, ఆ డబ్బాకి ఒక ల్యాప్‌టాప్ పెట్టాం, అంతా గ్రీన్, పింగ్ వెళ్తోంది. అప్పుడు ఒక చిన్న వైరు తీసుకుని రెండు కొసలూ అదే డబ్బాలో గుచ్చమని ఒకమ్మాయికి ఇచ్చాను. గుచ్చిన రెండు మూడు సెకన్లలో డబ్బా లైట్లన్నీ పిచ్చిపట్టినట్టు కొట్టుకోవడం మొదలైంది, స్విచ్ మీద 14 ఆరెంజ్‌లోకి పడిపోయింది, ల్యాప్‌టాప్ వెనక లైటు మాత్రం గ్రీన్‌గా నిమ్మళంగా వెలుగుతూనే ఉంది, పింగ్ పోయింది. మేడమ్ గారు ఆ రోజు చెప్పింది అక్షరాలా నిజమే, లైట్లు బాగా వెలుగుతున్నాయి, టపటపా కొట్టుకుంటున్నాయి కూడా. ఒకే డబ్బాలో తిరిగి తిరిగి వస్తున్న బ్రాడ్‌కాస్ట్ ఫ్రేములు వాటంతట అవి ఆగవు, అందుకే ఎవరూ కంప్యూటర్లు వాడకపోయినా ఆ కొట్టుకోవడం ఆగదు. గాజువాకలో జరిగింది కూడా ఇదే, బల్లలు జరిపినప్పుడు ఒక వైరు కొస నేల మీద వేలాడుతుంటే తుడవడానికి వచ్చినవాళ్ళో ఇంకెవరో మంచికే ఖాళీ పోర్టు చూసి గుచ్చేశారు, రెండో కొస అప్పటికే ఆ డబ్బాలోనే ఉంది.

స్విచ్ ఎలా పట్టుకుందో ఇక్కడ చెప్పాలి. 2960ఎక్స్ స్పానింగ్ ట్రీ కోసం ప్రతి రెండు సెకన్లకీ బీపీడీయూ అనే చిన్న ఫ్రేము పోర్టులోంచి పంపుతుంది. బల్ల కింద డబ్బాకి దాని గురించి ఏమీ తెలీదు, వచ్చినదాన్ని అన్ని పోర్టుల్లోకీ వదిలేస్తుంది, లూప్ ఉంది కాబట్టి అది తిరిగి వచ్చి స్విచ్‌కే చేరుతుంది. మా దగ్గర కంప్యూటర్ల పోర్టులన్నిటికీ బీపీడీయూ గార్డ్ పెట్టి ఉంటుంది, అంటే ఈ పోర్టు నుంచి బీపీడీయూ లోపలికి వస్తే ఎందుకు ఏమిటి అని చూడకుండా పోర్టు మూసెయ్ అని. లాగ్‌లో ఇలా పడుతుంది:

```
%SPANTREE-2-BLOCK_BPDUGUARD: Received BPDU on port Gi1/0/14
  with BPDU Guard enabled. Disabling port.
%PM-4-ERR_DISABLE: bpduguard error detected on Gi1/0/14,
  putting Gi1/0/14 in err-disable state
```

ఒకడు మంచి ప్రశ్న వేశాడు, చిన్న డబ్బా ఆ బీపీడీయూని మింగేస్తే ఏంటన్నా అని. కొన్ని డబ్బాలు నిజంగానే మింగేస్తాయి, ముందుకు పంపవు. అప్పుడు గార్డ్‌కి ఏమీ కనపడదు, దాని వల్ల వచ్చే ఆరెంజ్ రాదు, తిరుగుతున్న ఆ ఫ్రేముల తుఫాను నేరుగా మెయిన్ స్విచ్‌లోకి వచ్చి ఆ వీలాన్‌లో, అంటే స్విచ్‌లో విడగొట్టి పెట్టిన ఆ గుంపులో, ఉన్న పోర్టులన్నీ ఒకే లయలో గబగబా కొట్టుకుంటాయి, ఆఫీసంతా స్లో అని ఫోన్లు వస్తాయి. ర్యాక్ దగ్గర నిలబడ్డవాళ్ళకి అన్ని లైట్లూ ఒకేసారి ఆగకుండా మెరుస్తుంటే అది బిజీగా ఉండడం కాదు, లూప్ అని అనుమానం రావాలి, మామూలు ట్రాఫిక్‌లో ఏ పోర్టు మెరుపు దానిదిగా ఉంటుంది.

స్విచ్ పవర్ తీసి పెడితే ఏమవుతుందో కూడా అక్కడే చూపించాం. స్విచ్ లేచేటప్పుడు err-disabled స్థితి పోతుంది, 14 గ్రీన్ వస్తుంది, చూస్తున్నవాడు హమ్మయ్య అనుకుంటాడు, లూప్ ఇంకా అక్కడే ఉంది కాబట్టి కొన్ని సెకన్లలో మళ్ళీ ఆరెంజ్. దీనికన్నా పెద్ద నష్టం ఇంకొకటి, లాగ్ ఉండేది ర్యామ్‌లో, వేరే లాగ్ సర్వర్‌కి పంపే ఏర్పాటు లేకపోతే పవర్ తీయగానే పోతుంది, ఎన్నింటికి ఏ పోర్టు ఎందుకు మూసుకుందో చెప్పే ఆ రెండు లైన్లు ఆ రోజు అలాగే పోయాయి. రీబూట్ అనేది హెల్ప్‌డెస్క్ చేతిలో ఉన్న పని కాదు అని అందుకే అంటాం, మిగతా ఫ్లోర్ సంగతి సరేసరి.

రెండో గంటలో కమాండ్లు. చాలా నేర్పలేదు, చదవడానికి మాత్రమే పనికొచ్చే లాగిన్ ఇచ్చి ఒకటి బాగా చదవడం నేర్పాం.

```
show interfaces status

Port      Name        Status        Vlan  Duplex  Speed
Gi1/0/12  Accounts-3  connected     20    a-full  a-1000
Gi1/0/13  Accounts-4  connected     20    a-full  a-100
Gi1/0/14  Accounts-5  err-disabled  20    auto    auto
Gi1/0/15              notconnect    20    auto    auto
Gi1/0/16              disabled      99    auto    auto
```

ర్యాక్ దగ్గర నిలబడితే 15, 16 రెండూ ఆరిపోయి ఒకేలా కనిపిస్తాయి. ఇక్కడ చూస్తే 15లో వైరు లేదు లేదా అవతల ఏమీ ఆన్‌లో లేదు, 16ని మాత్రం ఎవరో కావాలని మూసేశారు, దానికి కొత్త వైరు ఎన్ని మార్చినా లైటు రాదు. ఇది లైటు చెప్పలేని తేడా. 14కి కారణం కావాలంటే `show interfaces status err-disabled` కొడితే Reason కింద bpduguard అని ఉంటుంది. బ్యాచ్‌లో ఒకబ్బాయికి గ్రీన్, ఆరెంజ్ తేడా సరిగ్గా తెలీదట, అది చెప్పడానికి మొహమాటపడ్డాడు, బ్రేక్‌లో వచ్చి చెప్పాడు. అతనికి ఈ కమాండే కళ్ళు, ఇబ్బందేమీ లేదు అన్నాను, నిజానికి ఫోన్లో కూర్చునే పనికి అందరికన్నా ముందు ఇది నేర్చుకున్నది కూడా అతనే.

13వ పోర్టు మీద a-100, అంటే తనంతట తానే కుదుర్చుకున్న 100 మెగాబిట్ స్పీడు, అని ఉంది చూశారా, అది వేరే కథ, దీనికి కొంచెం టైమ్ ఇచ్చాను. గిగాబిట్‌కి వైరులో నాలుగు జతలూ కావాలి, 100కి ఆరెంజ్, గ్రీన్ జతలు రెండే చాలు. బెంచ్ మీద బ్రౌన్ జత తెగిన వైరు ఒకటి ఉంచాం, పెట్టగానే STAT మోడ్‌లో చక్కటి గ్రీన్, పక్కవాటికీ దీనికీ ఏ తేడా లేదు. మోడ్ తట్టి SPEEDకి తెస్తే పక్క పోర్టులు బ్లింక్ అవుతున్నాయి, అంటే 1000, ఇది కదలకుండా గ్రీన్, అంటే 100. ఆరిపోయి ఉంటే 10. కొన్ని నెట్‌వర్క్ కార్డులు ఇలా 100కి దిగవు, లింక్ వస్తూ పోతూ ఉంటుంది, కాబట్టి అదే తెగిన వైరు ఒక పీసీ దగ్గర స్లో అని, ఇంకో పీసీ దగ్గర కట్ అవుతోంది అని రెండు రకాల ఫిర్యాదులు తెస్తుంది. మనకి బీచ్ రోడ్డు, రుషికొండ వైపు ఇది ఎక్కువ, సముద్రపు గాలికి చవక ప్లగ్గుల పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది, అలాంటి ప్లగ్గు ఒకటి అందరి చేతికీ ఇచ్చి వెలుతురులో తిప్పి చూడమన్నాను. దాన్ని తుడిచి మళ్ళీ పెట్టడం కాదు, వైరు మార్చేయడమే.

a-100 కనపడగానే వైరు మార్చమని టికెట్ రాసేయకూడదు. షట్‌డౌన్ చేసినా, స్లీప్‌లో ఉన్నా చాలా కంప్యూటర్లు నెట్ మీద నుంచి లేపడానికి వీలుగా కార్డుకి కాస్త కరెంటు ఉంచుతాయి, పవర్ ఆదా కోసం స్పీడు 10కో 100కో దించేస్తాయి. రాత్రిపూట ఈ కమాండ్ కొడితే సగం ఆఫీసు a-100, a-10 అనే చూపిస్తుంది. మనిషి పీసీ ముందు కూర్చుని పని చేస్తున్నప్పుడు చూడాలి. అప్పుడు కూడా 100 అంటే ఆ పోర్టు మీద `show interfaces Gi1/0/13` కొట్టి CRC దగ్గర, అంటే చెడిపోయి వచ్చిన ఫ్రేముల లెక్క దగ్గర, అంకె రాసుకుని, పది నిమిషాల తర్వాత మళ్ళీ కొట్టి పెరిగిందా లేదా చూడాలి. ఒక్కసారి చూసిన అంకెకి అర్థం లేదు, అది ఎప్పుడో ఏడాది కింద పడ్డవి కూడా కలిపి అయి ఉండొచ్చు.

చివరి భాగం ఫోన్ మాటలు. ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి ఒకరు యూజర్, ఒకరు హెల్ప్‌డెస్క్. "లైట్లు వెలుగుతున్నాయా" అనే ప్రశ్నే నిషేధం. దాని బదులు ముందు ఏ డబ్బా ముందు నిలబడ్డారో అడగాలి, తర్వాత ఏ నంబరు పోర్టు, అప్పుడు గ్రీనా ఆరెంజా (పచ్చ అంటే ఒకరికి ఆకుపచ్చ, ఒకరికి పసుపు, ఆ మాట వాడొద్దన్నాను), కదలకుండా ఉందా మెరుస్తోందా, పక్క పోర్టులాగే ఉందా తేడాగా ఉందా. వాట్సాప్‌లో ఫోటో అడిగితే మెరుపు తెలీదు, పది సెకన్ల వీడియో అడగాలి, అందులో స్విచ్ పేరు స్టిక్కర్ కూడా పడాలి. బల్ల కింద చిన్న డబ్బా ఏమైనా ఉందా అని విడిగా అడగాలి, మా రికార్డుల్లో లేని డబ్బాలే ఎక్కువ. ఉందంటే దాంట్లోంచి వచ్చే ప్రతి వైరునీ చేత్తో పట్టుకుని రెండో కొస దాకా వెళ్ళమనాలి, రెండు కొసలూ అదే డబ్బాలో ఉన్న వైరు దొరికితే ఒక కొస తీయించి టికెట్ మాకు పంపాలి. పోర్టు తిరిగి తెరవడం మా పని, shutdown, no shutdown కొట్టి ఒక నిమిషం గమనిస్తాం. కొన్ని సైట్లలో తనంతట తానే తెరుచుకునేలా పెట్టి ఉంటుంది, మామూలుగా 300 సెకన్లకి, అక్కడ లూప్ తీయకపోతే ప్రతి ఐదు నిమిషాలకీ కాస్త గ్రీన్ వచ్చి మళ్ళీ ఆరెంజ్ అవుతుంది, యూజర్ "వస్తోంది పోతోంది" అంటే వైరు లూజు అనుకునే ముందు ఎంత గ్యాప్‌లో వస్తోందో అడగాలి.

ఈ రంగులన్నీ 2960 కుటుంబానివి. వేరే కంపెనీల చిన్న స్విచ్‌లు చాలావాటిలో గ్రీన్ అంటే గిగాబిట్, ఆరెంజ్ అంటే 10 లేదా 100, అక్కడ ఆరెంజ్ చూసి పోర్టు మూసుకుపోయింది అని రాస్తే తప్పు. కంప్యూటర్ వెనక సాకెట్‌లో రెండు లైట్ల రంగులు ఇంకా అన్యాయం, ఒక్కో తయారీదారుది ఒక్కో లెక్క. అందుకే సెషన్ అయ్యాక ఆ పిల్లలకే పని అప్పజెప్పాం, ఎవరి సైటుకి వాళ్ళు వెళ్ళినప్పుడు అక్కడున్న మోడల్ మాన్యువల్ తీసి లైట్ల పట్టిక ప్రింట్ చేసి ర్యాక్ తలుపు లోపలి వైపు అంటించి రావాలి, ఆటోనగర్‌లో రెండు సైట్లు, గాజువాకలో ఆ లాజిస్టిక్స్ ఆఫీసు అయ్యాయి, మధురవాడ వైపు ఇంకా మిగిలాయి.